ప్రాజెక్టు డైరీ: ఫ్లోరైడ్ ప్రసంగాన్ని జర్నల్ పేపరుగా మార్చడం

చేతిలో ఉన్న సామగ్రి ఇది: 25 నిమిషాల సదస్సు ప్రసంగం ఆడియో, దాన్ని వింటూ టైపు చేసిన రాతప్రతి, స్లైడ్లు, చివర్లో జరిగిన ప్రశ్నోత్తరాలు. విషయం బోరునీళ్లలో ఫ్లోరైడ్. మన దగ్గర అది ఎక్కడ, ఎప్పుడు బయటపడింది, రాయిలోంచి నీళ్లలోకి ఎలా దిగుతుంది, పటిక, సున్నం వేసి చేసే నల్గొండ పద్ధతితో ఎంతవరకు తీయగలం అన్న మూడు భాగాలు. వక్త సొంతంగా నీళ్ల నమూనాలు తీసి పరీక్షించిన అధ్యయనం కాదు. ఇప్పటిదాకా అచ్చయిన పనిని ఒకచోట కూర్చి చెప్పినది. ప్రసంగం తెలుగూ ఇంగ్లీషూ కలిపి సాగింది. పేపరు ఇంగ్లీషు జర్నల్‌కి వెళ్తుంది. డైరీలో వాక్యాలన్నీ తెలుగులోనే రాసుకుంటున్నాం.

రాతప్రతిని సరిచూడటం

భాష దిద్దడానికి ముందు ఆడియో, స్లైడ్లు, రాతప్రతి మూడూ పక్కపక్కన పెట్టి సరిచూశాం. ఇది దాటేసి నేరుగా వాక్యాలు చక్కబెడితే తప్పులు కూడా చక్కగా తయారవుతాయి, తర్వాత పట్టుకోవడం కష్టం.

ఈ ప్రతిలో పెద్ద గొడవ రెండు మాటలతో వచ్చింది: ఫ్లోరైట్, ఫ్లోరైడ్. మొదటిది ఖనిజం, రెండోది నీళ్లలో కరిగి ఉండే అయాన్. చెవికి తేడా దాదాపు తెలియదు. టైపు చేసినవారు అన్నిచోట్లా ఫ్లోరైడ్ అనే కొట్టారు. దాంతో "కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్ అవక్షేపంగా దిగిపోతుంది" అన్న వాక్యం తయారైంది. స్లైడులో CaF₂ అని ఉంది కాబట్టి అక్కడ దిగేది ఫ్లోరైట్ అని తేలింది. ఈ రెండు మాటలు వచ్చిన ప్రతి చోటా ఆడియోలో ఆ నిమిషం దగ్గరికి వెళ్లి, అప్పుడు తెర మీదున్న స్లైడు చూసి నిర్ణయించాం. ఒక్కసారిగా వెతికి మార్చే పని ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే రెండు మాటలూ సరైనవే, చోటు మాత్రమే వేరు.

రెండో రకం తప్పు అంకెలది. "వన్ పాయింట్ ఫైవ్" ఒకచోట "వన్ టు ఫైవ్" అయింది. ఫ్లోరైడ్ విషయంలో 1.5కీ, 1 నుంచి 5 దాకా అన్నదానికీ మధ్య తేడా తాగొచ్చా తాగకూడదా అన్నంత ఉంది. అందుకే అంకె ఉన్న వాక్యాలన్నిటికీ పసుపు రంగు వేసి, స్లైడులో కనిపించినదాకా ఆ రంగు తీయలేదు. యూనిట్లు కూడా ఇక్కడే ఒకటిగా చేశాం. వక్త పీపీఎం అంటారు, స్లైడ్లలో లీటరుకు మిల్లీగ్రాములు ఉంది. బోరునీళ్ల లాంటి పలుచని ద్రావణాల్లో రెండూ ఆచరణలో ఒకటే కాబట్టి పేపరంతా లీటరుకు మిల్లీగ్రాములే.

వాదనల పట్టిక

తర్వాత రాతప్రతిని పేరాలుగా చూడటం మానేశాం. ఒక్కో వాదనను స్ప్రెడ్‌షీట్‌లో ఒక్కో వరుసగా విడగొట్టాం. నిలువు వరుసలు ఐదు: ఆడియోలో సమయం, వక్త అన్న మాట, దాని రకం, ఆధారం, పేపరులో ఎక్కడికి. రకాలు నాలుగే పెట్టుకున్నాం: ఇతరుల ఫలితం, వక్త సొంత లెక్క, వక్త అభిప్రాయం, వేదిక మీద మాత్రమే పనికొచ్చేది.

నాలుగో రకం అనుకున్నదానికంటే ఎక్కువ తేలింది. "మీరందరూ చూసే ఉంటారు", "ఈ మ్యాపులో ఎర్రగా ఉన్నదంతా", "ఇందాక సార్ చెప్పినట్టు" లాంటివన్నీ ఆ కోవే. వీటిలో స్లైడుని వేలితో చూపించే వాక్యాలను తీసేసి ఊరుకోకూడదు. "ఎర్రగా ఉన్నదంతా" అన్నదాంట్లో ఒక వాదన దాగి ఉంది: ఫలానా ప్రాంతంలో ఫ్లోరైడ్ 1.5 దాటింది. ఆ వాదనను బయటికి తీసి, మాటల్లో రాసి, కొత్త వరుసగా కలిపి, అప్పుడు అసలు వాక్యాన్ని కొట్టేశాం.

ఆధారం గడి ఖాళీగా ఉన్న వరుస పేపరులోకి పోదు. పెట్టుకున్న నియమం ఇదొక్కటే.

సెక్షన్లు

మొదటి నమూనాలో పరిచయం, పద్ధతులు, ఫలితాలు, చర్చ అన్న మామూలు నాలుగు గదుల్లో సర్దాలని చూశాం. కుదరలేదు. సొంత నమూనాలు లేని ప్రసంగానికి ఫలితాల సెక్షన్‌లో పెట్టడానికి ఏమీ ఉండదు. ఇతరుల ఫలితాలను అక్కడ పెడితే అవి వక్తవేనన్న భ్రమ వస్తుంది, రివ్యూయర్ మొదటి పేజీలోనే పట్టుకుంటారు. జర్నల్ సూచనల్లో రివ్యూ పేపర్లకు వేరే వర్గం ఉంది. దానికి మారాం.

ఇప్పుడున్న వరుస: పరిచయం, సాహిత్యం ఎలా వెతికాం, గుర్తింపు చరిత్ర, భూరసాయనం, పటికతో తొలగింపు, పరిమితులు, ముగింపు. ప్రసంగం తొలగింపు పద్ధతితో మొదలై వెనక్కి నడిచింది. వినేవాళ్లను కూర్చోబెట్టడానికి అది మంచి ఎత్తు. పేపరులో మాత్రం రసాయనం ముందు రాకపోతే పటిక ఎందుకు పూర్తిగా పనిచేయదో చెప్పలేం.

రెండో సెక్షన్‌కు ప్రసంగంలో ముడిసరుకు ఒక్క వాక్యం కూడా లేదు. "అందరూ రాసినవి చదివి చెబుతున్నాను" అన్నది వేదిక మీద చాలు, రివ్యూలో చాలదు. అందుకని వెతుకులాట మళ్లీ చేసి, వాడిన ప్రశ్నను ఉన్నదున్నట్టు పేపరులో పెట్టాం:

```
(fluorosis OR (fluoride AND (groundwater OR "drinking water")))
AND (Nalgonda OR Prakasam OR Nellore
     OR "Andhra Pradesh" OR Telangana OR "Madras Presidency")
```

చివరి పదం లేకుండా వెతికితే చరిత్ర సెక్షన్‌కు మూలమైన పేపరే జారిపోతుంది.

1937 సంగతి

ప్రసంగంలో 4వ నిమిషం దగ్గర వాక్యం: "మన దేశంలో ఫ్లోరోసిస్‌ను 1937లో మొట్టమొదట నల్గొండలో గుర్తించారు." ఈ మాట చాలా చోట్ల కనిపిస్తుంది, కాబట్టి సైటేషన్ దొరకడం తేలికే. వెనకటి పేపర్లలో ఎవరో ఒకరు ఇలాగే రాసి ఉంటారు, దాన్ని పెట్టేస్తే గడి నిండుతుంది. మూలం తెరిస్తే వేరే సంగతి.

1937లో వచ్చినవి రెండు. షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్‌ల పేపరు ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ 25వ సంపుటంలో, 553వ పేజీ నుంచి. దాని శీర్షికలోనే మద్రాసు ప్రెసిడెన్సీ అని ఉంది. షార్ట్, పండిట్, రాఘవాచారిలు రాసినది ఇండియన్ మెడికల్ గెజిట్ 72వ సంపుటంలో. దాని శీర్షికలో నెల్లూరు జిల్లా అని ఉంది. అప్పటికి నల్గొండ నిజాం సంస్థానంలోది, మద్రాసు ప్రెసిడెన్సీకి సంబంధమే లేదు. అంటే ఏడాది సరైనదే, ఊరు తప్పు.

తప్పు ఎలా పుట్టిందో ఊహించడం కష్టం కాదు. తర్వాతి దశాబ్దాల్లో ఫ్లోరైడ్ అనగానే నల్గొండ పేరే వినిపించేది. ఎవరో రెంటినీ ఒక వాక్యంలో కలిపేశారు, మిగతావాళ్లు మూలం తెరవకుండా ఆ వాక్యాన్నే ఎత్తుకున్నారు. పేపరులో ఇప్పుడు ఇలా ఉంది: "దక్షిణ భారతంలో స్థానిక ఫ్లోరోసిస్‌ను 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి నివేదించారు." "మొట్టమొదట" అన్న మాట తీసేశాం. అంతకుముందు ఎవరూ ఎక్కడా రాయలేదని చూపించే ఆధారం పట్టికలో లేదు.

ఇక్కడే జిల్లా పేర్ల పని కూడా పడింది. 1937 నాటి నెల్లూరు జిల్లాలో కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలుండేవి. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి అందులోకి వెళ్లాయి, దానికి ప్రకాశం పేరు తర్వాత వచ్చింది. ఉమ్మడి నల్గొండ 2016లో నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అని మూడైంది. కాబట్టి 1993 పేపరులో నల్గొండ జిల్లా అన్నా, 2020 తర్వాతి పేపరులో అదే పేరన్నా ఒక ప్రాంతం కాదు. పరిచయంలో ఒక్క వాక్యం పెట్టాం: జిల్లాల పేర్లు మూల అధ్యయనం జరిగిన నాటి సరిహద్దుల ప్రకారం. దీనివల్ల ప్రతి సైటేషన్ దగ్గరా వివరణ తప్పింది.

ఒకే జిల్లాకు రెండు గరిష్ఠాలు

"నల్గొండలో 20 పీపీఎం దాకా ఉంది" అని ప్రసంగం. మూలం దొరికింది: రామమోహనరావు బృందం 1993లో ఎన్విరాన్‌మెంటల్ జియాలజీలో రాసిన పేపరు, అందులో పరిధి లీటరుకు 0.4 నుంచి 20 మిల్లీగ్రాములు. కానీ బ్రింద, ఎలాంగో తదితరుల 2011 పేపరులో 0.1 నుంచి 8.8 అని ఉంది. వక్త పెద్ద అంకె ఎంచుకున్నారు, వేదిక మీద అది సహజం. పేపరులో ఒకటి పెట్టి ఇంకొకటి వదిలేస్తే ఏరుకున్నట్టవుతుంది. రెండూ పెట్టి, 2011 అధ్యయనం శీర్షికలోనే జిల్లాలో కొన్ని భాగాలు అని ఉందనీ, నమూనాలు తీసిన చోట్లూ కాలమూ వేరనీ రాశాం. ఈ రెండు అంకెలు చూసి ఫ్లోరైడ్ తగ్గిందని ఎవరూ అనకుండా ఉండాలంటే ఆ వాక్యం తప్పదు. తగ్గిందని చెప్పాలంటే అవే బోర్లను మళ్లీ పరీక్షించాలి.

ప్రమాణాల వాక్యం త్వరగానే తేలింది. డబ్ల్యూహెచ్‌ఓ మార్గదర్శక విలువ 1.5. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500, 2012 కూర్పులో ఆమోదయోగ్య పరిమితి 1.0, వేరే నీటి వనరు లేనప్పుడు అనుమతించేది 1.5. ప్రసంగంలో రెంటినీ కలిపి "లిమిట్ ఒకటిన్నర" అన్నారు.

కాల్షియం పేరా, వాక్యం వాక్యంగా

రాతప్రతిలో ఉన్నది: "సింపుల్‌గా చెప్పాలంటే కాల్షియం తగ్గితే ఫ్లోరైడ్ పెరుగుతుంది, అంతే. ఈ గ్రాఫ్ చూడండి."

దీనికి సైటేషన్ ఒకటి తగిలించి వదిలేయొచ్చు. కానీ వాక్యంలో కారణం తిరగబడింది. కాల్షియం తగ్గడం ఫ్లోరైడ్‌ను పుట్టించదు. గ్రానైట్, నైస్ రాళ్లలోని బయోటైట్, హార్న్‌బ్లెండ్, అపటైట్, ఫ్లోరైట్ నుంచి అది వస్తుంది. కాల్షియం చేసేది పైన మూత పెట్టడం మాత్రమే. నీళ్లలో కాల్షియం చాలినంత ఉంటే ఒక స్థాయి దాటాక ఫ్లోరైట్ అవక్షేపంగా దిగి ఫ్లోరైడ్‌ను ఆపేస్తుంది. ఆ స్థాయి ఎంతో వక్త చెప్పలేదు, గ్రాఫులో గీత ఉంది కానీ లెక్క లేదు. అది సొంత లెక్క రకం వరుస కాబట్టి లెక్క చూపించాల్సిందే.

```
CaF2 = Ca+2 + 2 F-      log K = -10.6  (25 °C, phreeqc.dat)
[Ca] = 10^-10.6 / [F]^2
```

ఫ్లోరైడ్ 1.5 అంటే లీటరుకు 0.079 మిల్లీమోల్. దాన్ని ఈ సమీకరణంలో పెడితే ఫ్లోరైట్ దిగడానికి కాల్షియం లీటరుకు దాదాపు 160 మిల్లీగ్రాములు ఉండాలి. ఫ్లోరైడ్ 5 అయితే 0.263 మిల్లీమోల్, కాల్షియం 15 లోపే చాలు. తిప్పి చదివితే, ఫ్లోరైడ్‌ను 5 దాకా పోనివ్వకుండా ఫ్లోరైట్ ఆపగలగాలంటే నీళ్లలో కాల్షియం 15 కంటే ఎక్కువ ఉండాలి. సోడియం, బైకార్బొనేట్ ఎక్కువున్న నీళ్లలో కాల్షియం కొంత కాల్సైట్‌గా దిగిపోయి, కొంత అయాన్ల మార్పిడిలో సోడియానికి చోటిచ్చి తగ్గిపోతుంది. అప్పుడు మూత లేచిపోతుంది.

లెక్క కింద ఒక షరతు చేర్చాం. ఇక్కడ అయాన్ల క్రియాశీలతా గుణకాన్ని 1గా తీసుకున్నాం. అయానిక్ బలం 0.01 ఉన్న నీళ్లలో అసలు అవధి దీనికి సుమారు 1.8 రెట్లు, అంటే 15 దగ్గర చెప్పింది 26 చుట్టుపక్కలకు జరుగుతుంది. ఈ షరతు రాయకపోతే భూరసాయనం తెలిసిన రివ్యూయర్ మొదట అడిగేది ఇదే. స్థిరాంకం ఏ డేటాబేసు నుంచి తీసుకున్నామో కూడా చెప్పాలి, ఒక్కో డేటాబేసులో విలువ కొంచెం అటూ ఇటూ ఉంటుంది.

రెండు వాక్యాలు పేరా అయ్యాయి. మిగతా చోట్ల మాత్రం రాతప్రతి కుదించుకుపోతోంది.

పటిక, సున్నం, ప్రశ్నోత్తరాలు

నల్గొండ పద్ధతి వివరణ ప్రసంగంలో బాగుంది: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలపడం, వేగంగా కలిపి తర్వాత మెల్లగా తిప్పడం, తేర్చడం, వడకట్టడం. సున్నం పటికలో ఇరవయ్యో వంతు నుంచి ఇరవై అయిదో వంతు. పటిక ఎంతన్నది నీళ్ల ఫ్లోరైడ్ మీదా, క్షారత మీదా ఆధారపడుతుంది. మూల సైటేషన్ నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు నవ్లాఖే, కులకర్ణి, పాఠక్, బులుసులు 1975లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ 17వ సంపుటంలో రాసినది. "పటికతో ఫ్లోరైడ్ తీయొచ్చని ఇక్కడే కనిపెట్టారు" అన్న వాక్యం నిలవలేదు. బోరఫ్ 1934లోనే అమెరికాలో అల్యూమినియం లవణాలతో ఫ్లోరైడ్ తొలగింపు గురించి ఇండస్ట్రియల్ అండ్ ఇంజినీరింగ్ కెమిస్ట్రీలో రాశారు. నీరి ఘనత వేరు: దాన్ని సున్నంతో, క్లోరినేషన్‌తో జతచేసి ఇంట్లో బకెట్‌లోనూ ఊరి ట్యాంకులోనూ చేయగలిగే పద్ధతిగా నిలబెట్టడం. వాక్యాన్ని అలా మార్చాం.

పరిమితుల సెక్షన్‌కు అసలు సరుకు ప్రశ్నోత్తరాల్లో ఉంది. టైపు చేసినవారు ఆ భాగాన్ని సగంలో వదిలేశారు, ఆడియోలోంచి మిగతాది తీశాం. సభలో ఒకరు అడిగింది: పటిక వేశాక పోయిన ఫ్లోరైడ్ నిజంగా పోయిందా, లేక మీటరుకు కనిపించడం మానేసిందా? వక్త అక్కడ దాటవేశారు. ఈ ప్రశ్నకు సాహిత్యంలో సమాధానం ఉంది. మీనాక్షి, మహేశ్వరిలు 2006లో జర్నల్ ఆఫ్ హజార్డస్ మెటీరియల్స్‌లో రాసిన రివ్యూ ప్రకారం అవక్షేపంగా దిగేది 18 నుంచి 33 శాతం, మిగతా 67 నుంచి 82 శాతం అల్యూమినియంతో కలిసి కరిగే సంక్లిష్టంగా నీళ్లలోనే ఉండిపోతుంది. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ స్వేచ్ఛగా ఉన్న అయాన్‌నే చూస్తుంది. అల్యూమినియంతో కట్టుబడిన ఫ్లోరైడ్‌ను విడిపించే కారకం బఫరులో లేకపోతే కొలత తక్కువ చూపిస్తుంది. స్పాడ్న్స్ రంగు పద్ధతిలోనూ అల్యూమినియం అడ్డొస్తుంది, ముందు స్వేదనం చేయాలి. కాబట్టి ఏ తొలగింపు శాతాన్ని ఉటంకించినా కొలత పద్ధతి పక్కనే రాయాలని పట్టికలో కొత్త నిలువు వరుస చేర్చాం. కొలత పద్ధతి చెప్పని పేపర్ల అంకెలను పోలికలోంచి తీసేశాం. శుద్ధి చేసిన నీళ్లలో మిగిలే అల్యూమినియం సంగతి కూడా ఇక్కడికే చేరింది: ఐఎస్ 10500లో ఆమోదయోగ్యం 0.03, అనుమతించేది 0.2.

ప్రశ్న అడిగినవారి పేరు పేపరులో రాయాలంటే వారి అనుమతి కావాలి. అది లేకుండా కృతజ్ఞతల్లో సభలోని చర్చకు అని మాత్రం పెట్టాం. ఈ డైరీ రాసేవాళ్లం కూడా అక్కడే ఉంటాం, రచయితల వరుసలో కాదు. వాదన వక్తది, బాధ్యత కూడా వారిదే.

సైటేషన్ల ఫైలు

డీఓఐ ఉన్నవాటిని చేత్తో టైపు చేయలేదు:

```
curl -LH "Accept: application/x-bibtex" \
  https://doi.org/10.1016/j.jhazmat.2006.02.024
```

వచ్చినదాన్ని సైటేషన్లు దాచే జోటెరో సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి అచ్చు పేపరు మొదటి పేజీతో సరిపోల్చాలి. ఎక్కువగా తేడా వచ్చేది ఏడాది దగ్గర. పేపరు ముందు ఆన్‌లైన్‌లో, తర్వాతి ఏడాది అచ్చులో వస్తే దిగుమతి అయ్యేది ముందటి ఏడాది. సంపుటం మాత్రం తర్వాతి ఏడాదిది. రెండూ కలిసిన ఎంట్రీని జర్నల్ వెనక్కి పంపుతుంది. తెలుగువారి ఇంటిపేర్లు ఇంకో చిక్కు. "ఎన్.వి.ఆర్. రావు"ను ఒక డేటాబేసు రావు కింద, ఇంకొకటి రామమోహనరావు కింద పెడుతుంది, ఒకే పేపరు రెండు ఎంట్రీలుగా వస్తుంది. శీర్షిక, పేజీ నంబర్లు చూసి కలపాలి.

1937, 1975 పేపర్లను చేత్తో ఎక్కించాం. 1975 నాటిది స్కాన్ చూడకుండా పెట్టకూడదని నిర్ణయం, ఎందుకంటే దాన్ని ఉటంకించినవాళ్లలో చాలామంది సున్నం నిష్పత్తి ఒక్కటే ఎత్తుకున్నారు, ఏ క్షారత దగ్గర అన్నది వదిలేశారు. స్కాన్ కోసం లైబ్రరీకి అభ్యర్థన వెళ్లింది. వచ్చేదాకా పటిక మోతాదుల పట్టిక పేపరులో ఖాళీ.

ఇప్పుడున్న స్థితి

మ్యాపు స్లైడు ఒకటి వేరే పేపరులోది, కింద మూలం పేరు చిన్న అక్షరాల్లో ఉంది. తెర మీద చూపించడం ఒకటి, జర్నల్‌లో అచ్చేయడం ఒకటి. ప్రచురణకర్త అనుమతి అడగడమా, పేపరులోని పట్టిక అంకెలతో కొత్తగా గీయడమా అన్నదాంట్లో రెండోది ఎంచుకున్నాం; గీసినా మూలం ఉటంకించాలి. సదస్సు సంకలనంలో ఇదే ప్రసంగపు సారాంశం ఒక పేజీ అచ్చయింది. సంపాదకుడికి రాసే లేఖలో ఆ సంగతి చెప్పి, సారాంశం ప్రతిని జతచేస్తున్నాం. పేపరులో దాంట్లోని వాక్యాలు యథాతథంగా రాకుండా పక్కపక్కన పెట్టి చూడటం మిగిలింది.

పట్టికలో ఆధారం గడి ఖాళీగా ఉన్న వరుసలు ఇంకా రెండున్నాయి. ఒకటి "ఆర్‌ఓ ప్లాంట్లు వచ్చాక పటిక ఎవరూ వాడటం లేదు" అన్నది. ఇంకొకటి పశువుల ఫ్లోరోసిస్ గురించి. మొదటిదానికి సర్వే ఆధారం దొరకకపోతే వాక్యం పోతుంది. రెండోది ఎలాగూ ఈ పేపరు పరిధి కాదని వక్తకు రాశాం, జవాబు రావాలి.